లేబుల్స్ ప్రింట్‌కి ఇచ్చే ముందు: ఆ పేరు నిజంగా మనదేనా?

వీడియో చూడలేనివాళ్ళ కోసం ఈ ఎపిసోడ్ మొత్తం మాటల్లో ఇక్కడ పెడుతున్నాం.

ముందు నా చేతిలో ఉన్నది చూడండి. స్టిక్కర్ లేబుల్స్ రోల్. రాజమండ్రిలో మా పిన్ని పచ్చళ్ళు, పొడులు చేసి అమ్ముతుంది. తన కోసం ఐదు వేల లేబుల్స్ కొట్టించాం. ఒక్కోటి రెండు రూపాయల అరవై పైసలు, మొత్తం పదమూడు వేలు. వాడింది ఆరు వందలు. మిగతావి ఇప్పుడు పిన్ని వంటింట్లో పప్పు డబ్బాలకీ, చింతపండు డబ్బాలకీ తిరగేసి అంటించి ఉన్నాయి, పైన మార్కర్‌తో "మినపప్పు", "ధనియాలు" అని రాసి. ఖరీదైన మినపప్పు డబ్బా అన్నమాట.

ఏం జరిగిందో చెప్తాను. పేర్లు మార్చి చెప్తున్నా, అవతలి వాళ్ళని ఇందులోకి లాగడం నాకిష్టం లేదు. పిన్ని బ్రాండ్ పేరు "మురిపెం" అనుకోండి. మొదట వాట్సాప్‌లో తెలిసినవాళ్ళకే అమ్మేది. తర్వాత రెండు షాపుల వాళ్ళు సీసాలు పెడతామన్నారు. సరే, లేబుల్ బాగుండాలి కదా అని నేనే డిజైన్ చేయించి, ఎక్కువ కొట్టిస్తే చవగ్గా పడుతుందని ఐదు వేలు ఆర్డర్ పెట్టాను. రెండు నెలల్లో రిజిస్టర్డ్ పోస్టులో ఒక లాయర్ నోటీస్ వచ్చింది. వేరే జిల్లాలో పొడులు చేసే ఒకాయన దాదాపు ఇదే పేరు 2019లోనే రిజిస్టర్ చేయించుకున్నాడు. ఆయన స్పెల్లింగ్ MURIPAM, మాది MURIPEM. పదిహేను రోజుల్లో పేరు వాడటం ఆపాలి, షాపుల్లో ఉన్న సరుకు వెనక్కి తెచ్చుకోవాలి అని నోటీస్.

పిన్ని మొదటి మాట ఏంటంటే, "అదేంట్రా, వాళ్ళవి పొడులు, మనం ఎక్కువ అమ్మేది పచ్చళ్ళు. పైగా స్పెల్లింగ్ వేరు. నాకు ఫుడ్ లైసెన్స్ ఉంది, ఉద్యమ్ సర్టిఫికెట్ ఉంది, ఇన్‌స్టాలో పేజీ ఉంది. ఇంకేం కావాలి?"

పిన్ని అడిగింది న్యాయంగానే ఉంది. కానీ అందులో ఒక్కటి కూడా నిలబడలేదు. ఎందుకు నిలబడలేదో చెప్పి, రెండోసారి పేరు పెట్టినప్పుడు మేం ఏం చేశామో వరసగా చెప్తాను.

లైసెన్సులు ఉన్నాయి కదా, చాలదా?

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ ఏం చెబుతుంది? ఈ మనిషికి ఆహార పదార్థాలు తయారు చేసి అమ్మడానికి అనుమతి ఉంది అని. ఉద్యమ్ ఏం చెబుతుంది? ఇది చిన్న సంస్థ అని. జీఎస్టీ నంబర్ పన్ను కోసం. ఇవి ఇచ్చేటప్పుడు "ఈ పేరు ఇంకెవరికైనా ఉందా?" అని ట్రేడ్‌మార్క్ రిజిస్టర్ తీసి చూడరు. అది వాళ్ళ పని కాదు. డొమైన్, ఇన్‌స్టా హ్యాండిల్ కూడా అంతే, ఖాళీగా ఉంటే ఇచ్చేస్తారు. MURIPEM ఖాళీగా ఉంది కాబట్టి మాకు దొరికింది. MURIPAM వేరే ఆయన దగ్గర ఉందని ఇన్‌స్టాకి సంబంధం లేదు.

ఇక స్పెల్లింగ్ సంగతి. కంప్యూటర్‌కి ఒక్క అక్షరం తేడా అంటే రెండూ వేర్వేరు. పదేళ్ళుగా కోడ్ రాస్తూ నా బుర్ర కూడా అలాగే అలవాటు పడింది. చట్టం అలా చూడదు. దీనికి మంచి ఉదాహరణ 1962లో సుప్రీంకోర్టు తీర్పు. "అమృతధార" అనే మందు అప్పటికే ఉంది. ఇంకొకరు "లక్ష్మణధార" అని రిజిస్ట్రేషన్ కోసం అడిగారు. రెండూ కడుపునొప్పి లాంటివాటికి వాడే మందులే. మనకి చూస్తే అమృతం ఎక్కడ, లక్ష్మణుడు ఎక్కడ అనిపిస్తుంది. కానీ మామూలు మనిషి షాపులో రెండు సీసాలు పక్కపక్కన పెట్టుకుని పోల్చడు, ఎప్పుడో విన్న పేరు సగం సగం గుర్తుపెట్టుకుని అడుగుతాడు, పలికితే పొరపాటు పడేంత దగ్గరగా ఉన్నాయి అని కోర్టు అంది. ఆ కేసులో ప్రత్యేక పరిస్థితులు ఉన్నాయి కాబట్టి లక్ష్మణధారకి ఉత్తరప్రదేశ్ వరకే రిజిస్ట్రేషన్ దక్కింది, అది వేరే సంగతి. మనం పట్టుకోవాల్సింది ఆ కొలత. పేరు చూడటం కాదు, వినాలి. సగం మర్చిపోయినవాడి చెవితో వినాలి.

పచ్చడి, పొడి వేరు కదా అన్న మాటకి కూడా అదే జవాబు. రెండూ ఒకే షాపులో, ఒకే అరలో, ఒకే కస్టమర్‌కి అమ్ముడుపోతాయి. కంది పొడి కొన్నవాడు పక్కన అదే పేరుతో ఆవకాయ కనబడితే "వీళ్ళదే" అనుకుంటాడు. సరుకు అదే కానక్కర్లేదు, దగ్గరి సరుకైనా, పేరు దగ్గరగా ఉండి జనం పొరబడే అవకాశం ఉంటే అది ఉల్లంఘన కిందకి వస్తుంది.

ఒక్కటి మాత్రం మమ్మల్ని కాపాడగలిగేది. ఆయన వాడకం మొదలుపెట్టిన తేదీ, రిజిస్ట్రేషన్ తేదీ, ఈ రెండింట్లో ఏది ముందైతే దానికంటే కూడా ముందు నుంచి మేం ఆ పేరు ఆపకుండా వాడుతున్నామని నిరూపించగలిగి ఉంటే. ముందు నుంచి వాడేవాళ్ళకి చట్టంలో రక్షణ ఉంది. కానీ పిన్ని మొదలుపెట్టిందే 2022లో. కాబట్టి మా లాయర్ కూడా "గొడవ వద్దు, పేరు మార్చేయండి" అన్నారు. మార్చేశాం.

పేరు ఎలాంటిదై ఉండాలి

రెండోసారి పిన్ని చెప్పిన మొదటి పేరు "గోదారి రుచులు". వినడానికి ఎంత బాగుందో! కానీ రిజిస్ట్రేషన్‌కి బలహీనం. ఎందుకంటే గోదారి అనేది ప్రాంతం, రుచులు అనేది సరుకు గురించి చెప్పే మాట. సరుకు ఏంటో, ఎలా ఉంటుందో, ఏ ప్రాంతానిదో మాత్రమే చెప్పే పేర్లని సాధారణంగా ఒక్కరికే రాసివ్వరు. రేపు కొవ్వూరులో ఇంకొకావిడ "గోదావరి రుచి" అని పెట్టుకుంటే, మనం ఆపలేం. చాలా ఏళ్ళుగా వాడి, ఆ పేరంటే మనమే అని జనంలో పాతుకుపోయిందని నిరూపిస్తే దారి ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి ఆ దారి లేదు.

ఇలాంటి ఇంకో రెండు రకాలు ఉన్నాయి, మనవాళ్ళు తరచుగా పెట్టేవే. ఒకటి దేవుళ్ళ పేర్లు, పుణ్యగ్రంథాల పేర్లు. "రామాయణ్" అనే పేరుని అగరబత్తీలకి ఒక్కరే సొంతం చేసుకోవడం కుదరదని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. రెండోది జీఐ ట్యాగ్ ఉన్నవి. ఆత్రేయపురం పూతరేకులు, బందరు లడ్డు, గుంటూరు సన్నం మిర్చి, బంగినపల్లి మామిడి లాంటివి. జీఐ అనేది ఆ ప్రాంతపు ఉత్పత్తిదారులందరిదీ. దాన్ని మన ఒక్కరి బ్రాండ్ చేసుకోలేం.

మరి ఏ పేరు బలంగా ఉంటుంది? సరుకుతో నేరుగా సంబంధం లేని మాట, లేదా మనం కల్పించిన మాట. పిన్ని వాళ్ళ పెరట్లో పాత రోలు ఒకటుంది. వాన పడితే అందులో నీళ్ళు నిలుస్తాయి, పిచ్చుకలు వచ్చి తాగుతాయి. మా చెల్లి దాన్ని చూసి "రోలుపిట్ట అని పెడదాం" అంది. పిన్ని మొహం చిట్లించింది. "పచ్చడి సీసా మీద పిట్టేంటే?" అంది. కానీ రిజిస్ట్రేషన్ కోణంలో చూస్తే ఆ ప్రశ్నే మనకి కావాలి. పచ్చడికీ పిట్టకీ సంబంధం లేకపోవడమే ఆ పేరు బలం. ఇది కూడా మార్చిన పేరే, అసలు పేరు కథ కూడా ఇలాంటిదే.

రిజిస్టర్‌లో వెతకడం

ఇప్పుడు అసలు పని. ఖర్చు సున్నా. ipindia.gov.in కి వెళ్ళి Trade Marks కింద Public Search తెరవండి. ప్రభుత్వ సైట్ ఇది, ఉచితం. ఫోన్‌లో కొంచెం ఇబ్బంది పెడుతుంది, ల్యాప్‌టాప్ దొరికితే నయం.

వెతికే ముందు ఒకటి తెలియాలి, అదే క్లాస్. సరుకులు, సేవలు అన్నిటినీ 45 క్లాసులుగా విడగొట్టారు. 1 నుంచి 34 వరకు సరుకులు, 35 నుంచి 45 వరకు సేవలు. మన రిజిస్ట్రేషన్ మనం అడిగిన క్లాసులకే వస్తుంది. పచ్చళ్ళు, నెయ్యి, నూనెలు 29లోకి వస్తాయి. మసాలాలు, పొడులు, పిండి, స్వీట్లు, తేనె, బెల్లం, టీ, కాఫీ 30లోకి. అంటే మా పిన్ని వంటింటి గట్టు మీదే రెండు క్లాసులు ఉన్నాయి. సబ్బులు చేసేవాళ్ళకి 3, కొవ్వొత్తులు చేసేవాళ్ళకి 4.

రిజిస్ట్రేషన్ మనకి కావాల్సిన క్లాసుల్లో తీసుకుంటాం సరే, వెతకడం మాత్రం పక్క క్లాసుల్లో కూడా చేయాలి. మమ్మల్ని పట్టుకుంది పక్క క్లాసే కదా. తినే వస్తువులైతే 29, 30 రెండూ చూడండి, వీటితో పాటు షాపు వ్యాపారం ఉండే 35, హోటళ్ళు, క్యాటరింగ్ ఉండే 43 కూడా చూడండి.

సైట్‌లో Wordmark అని ఉంటుంది. దాని పక్కన Starts With, Contains, Match With అని ఎంపికలు ఉంటాయి. చాలామంది చేసే తప్పు, నేనైతే మొదటిసారి ఇది కూడా చేయలేదనుకోండి, పూర్తి పేరు టైప్ చేసి, ఏమీ రాకపోతే "ఖాళీగా ఉంది" అని సంబరపడటం. తెలుగు పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో రాయడానికి ఒక్క పద్ధతి లేదు. "రుచి" అనే చిన్న మాటనే RUCHI, RUCHEE, ROOCHI అని మూడు రకాలుగా రాస్తారు.

అందుకని ఇలా చేయండి. పేరులో ఎవరు రాసినా మారని ముక్క ఏదో వెతికి, దాన్ని Contains పెట్టి కొట్టండి. మురిపెంలో చివరి అచ్చు మారొచ్చు, చివర U రావచ్చు, రాకపోవచ్చు. మారని ముక్క MURIP. ఆ అయిదు అక్షరాలు కొట్టి ఉంటే MURIPAM, MURIPEM, MURIPEMU ఏది ఉన్నా ఒకే జాబితాలో కనబడేవి. రెండు నిమిషాల పని. పదమూడు వేలు మిగిలేవి.

"రోలుపిట్ట" కోసం నేను ఒక కాగితం మీద రాసుకున్న జాబితా ఇది:

```
Contains   : ROLU
Contains   : ROLLU
Contains   : PITTA
Contains   : PITA
Match With : ROLUPITTA
Match With : ROLU PITTA
Phonetic   : ROLUPITTA
```

ఒక్కోటీ నాలుగు క్లాసుల్లో. అంటే ఏడు నాలుగుల ఇరవై ఎనిమిది సార్లు. గంట పట్టింది. జాబితా తయారు చేసుకోవడానికి గుర్తుపెట్టుకోవాల్సినవి ఇవే: జంట అక్షరాన్ని ఒంటి చేసి చూడండి, AA ని A గా, EE ని I గా, TH ని T గా, V ని W గా మార్చి చూడండి, మధ్యలో ఖాళీ పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి చూడండి. Phonetic అనే ఎంపిక ఉచ్చారణ ప్రకారం వెతుకుతుంది, కానీ అది ఇంగ్లిష్ ఉచ్చారణ మీద నడిచే లెక్క, మన మాటలకి ఒక్కోసారి అడ్డదిడ్డంగా ఇస్తుంది. అదొక్కటే నమ్ముకోవద్దు. PITTA లాంటి ముక్కకి ఆయుర్వేదం పిత్తం, పీటా రొట్టె లాంటివి కూడా వరసకట్టి వస్తాయి. కంగారు పడక్కర్లేదు, జాబితా మొత్తం పైకి చదవండి, గట్టిగా, బయటికి. మన పేరులా వినబడేది ఏదైనా ఉంటే ఆగండి.

లోగోలో బొమ్మ ముఖ్యమైతే దానికి వేరే వెతుకులాట ఉంది, Vienna Code అంటారు. బొమ్మలకి అంకెల వర్గాలు ఇచ్చారు. మనుషుల బొమ్మలు 2, జంతువులు, పక్షులు 3, మొక్కలు, పళ్ళు 5 కింద ఉంటాయి. కొప్పు పెట్టుకుని నవ్వే అమ్మమ్మ బొమ్మ పచ్చళ్ళ మీద ఎన్ని ఉంటాయో మీరే ఊహించుకోండి.

వచ్చిన జాబితాని చదవడం

పేరు మీద నొక్కితే దరఖాస్తు తేదీ, ఎవరిది, ఏ సరుకుకి, ఎప్పటి నుంచి వాడుతున్నారు, ఇప్పుడు ఏ స్థితిలో ఉంది అన్నీ కనబడతాయి. స్థితి దగ్గరే చాలామంది పొరబడతారు.

Registered అంటే తెలుసు. Objected అంటే రిజిస్ట్రీలోని ఎగ్జామినర్ అభ్యంతరం చెప్పారు, ఇంకా తేలలేదు. Opposed అంటే బయటివాళ్ళు ఎవరో మా పేరుకి దగ్గరగా ఉంది అని అడ్డుపడ్డారు. ఈ రెండూ చూసి "అయితే వాళ్ళకి రాలేదులే, మనం తీసుకోవచ్చు" అనుకోవద్దు. వాళ్ళ తేదీ మనకంటే ముందు ఉంది కాబట్టి, అది తేలేదాకా మన దరఖాస్తుకి అడ్డమే. రిజిస్ట్రేషన్ వచ్చినప్పుడు దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే లెక్క మొదలవుతుంది.

Abandoned ఇంకా పెద్ద మాయ. వాళ్ళు దరఖాస్తు వదిలేశారు అంటే వ్యాపారం వదిలేశారని కాదు. ఎగ్జామినర్ రిపోర్టుకి జవాబు ఇవ్వడం మర్చిపోయి ఉండొచ్చు, షాపు మాత్రం పదిహేనేళ్ళుగా నడుస్తూ ఉండొచ్చు. రిజిస్ట్రేషన్ లేకపోయినా ముందు నుంచి వాడి పేరు తెచ్చుకున్నవాళ్ళకి హక్కు ఉంటుంది. మన సరుకుని వాళ్ళ సరుకుగా చలామణీ చేస్తున్నామని కోర్టుకి వెళ్ళొచ్చు, దాన్నే పాసింగ్ ఆఫ్ అంటారు.

అందుకే రిజిస్టర్ ఒక్కటి చాలదు, బయట కూడా వెతకాలి. గూగుల్‌లో ఇంగ్లిష్‌లోనూ తెలుగులోనూ, గూగుల్ మ్యాప్స్‌లో, ఇన్‌స్టాలో, ఆన్‌లైన్ అమ్మకాల యాప్‌లలో. మాకు మ్యాప్స్ బాగా పనికొచ్చింది. ఇంకో పేరు అనుకున్నాం, రిజిస్టర్‌లో శుభ్రంగా ఉంది, మ్యాప్స్‌లో చూస్తే విజయవాడ దగ్గర అదే పేరుతో పాత స్వీట్ షాపు, ఏళ్ళనాటి రివ్యూలతో. ఆ పేరు కొట్టేశాం.

దరఖాస్తు పెట్టేటప్పుడు

రోలుపిట్ట దగ్గరలో ఏమీ లేదని తేలాక దరఖాస్తు పెట్టాం. ఫారం పేరు TM-A. మన రెండు రాష్ట్రాలూ చెన్నై రిజిస్ట్రీ కిందకి వస్తాయి, కానీ పని అంతా ఆన్‌లైన్‌లోనే. వ్యక్తులకి, చిన్న సంస్థలకి ఆన్‌లైన్ ఫీజు ఒక్కో క్లాసుకి 4,500 రూపాయలు. పెద్ద కంపెనీలకి 9,000. పిన్నికి 29, 30 రెండు క్లాసులు కాబట్టి 9,000 అయింది. లాయర్ లేదా ఏజెంట్ ద్వారా వెళ్తే వాళ్ళ ఫీజు వేరే.

ఇక్కడ మూడు నిర్ణయాలు ఉంటాయి.

మొదటిది, ఎవరి పేరు మీద? అంతా ఆన్‌లైన్ కాబట్టి ఇంట్లో చదువుకున్న కుర్రాడు కూర్చుని తన పేరు, తన పాన్ ఇచ్చేస్తాడు. నేనూ అదే చేయబోయాను. ఆగండి. దరఖాస్తు ఎవరి పేరు మీద ఉంటే బ్రాండ్ వాళ్ళది. తెల్లవారుజామున లేచి మిరపకాయలు తొడిమలు తీసేది పిన్ని, బ్రాండ్ నాదా? పిన్ని పేరు మీదే పెట్టాం. తర్వాత మార్చుకోవాలంటే మళ్ళీ కాగితాలు, ఫీజు.

రెండోది, మాటకా లోగోకా? ఒక్కదానికే డబ్బులు ఉంటే, పేరు బలంగా ఉంటే, మాటకి తీసుకోండి. మాటకి వస్తే ఏ అక్షరాల శైలిలో, ఏ రంగులో రాసినా రక్షణ ఉంటుంది. లేబుల్ డిజైన్ రేపు మారుతుంది, పేరు మారదు. లోగోగా పెడితే ఆ బొమ్మ మొత్తానికే హక్కు, అందులోని మామూలు మాటల మీద విడిగా హక్కు రాదు. "బలహీనమైన పేరైనా పర్లేదు, లోగోలో పెట్టి పాస్ చేయిస్తాం" అని ఎవరైనా అంటే ఈ మాట గుర్తు తెచ్చుకోండి.

మూడోది, ఎప్పటి నుంచి వాడుతున్నారు అనే గడి. ఇంకా అమ్మకం మొదలవకపోతే Proposed to be used అని పెట్టాలి. ముందు నుంచి వాడుతుంటే ఆ తేదీ వేసి, దానికి అఫిడవిట్, బిల్లుల్లాంటి రుజువులు జతచేయాలి. గొప్పగా ఉంటుందని పాత తేదీ వేయొద్దు, రుజువు అడిగితే ఇరుక్కుంటారు. ఈ రోజు నుంచే పేరు ఉన్న బిల్లులు, ఆర్డర్ మెసేజ్‌లు, ప్రింటర్ రసీదు, ఫొటోలు తేదీలతో ఒక ఫోల్డర్‌లో దాచుకోండి. రేపు మన పేరు ఇంకెవరైనా కాపీ కొడితే, మనం ముందున్నామని చెప్పేది ఆ ఫోల్డరే.

దరఖాస్తు పెట్టగానే నంబర్ వస్తుంది. దాని తర్వాత ఎగ్జామినర్ రిపోర్ట్ వస్తే, అందిన దగ్గర్నుంచి నెల రోజుల్లో జవాబు ఇవ్వాలి. అది మెయిల్‌కి వస్తుంది, స్పామ్‌లో పడితే అంతే సంగతులు. అందుకే పిన్ని ఎప్పుడూ తెరవని మెయిల్ కాకుండా మేం రోజూ చూసే మెయిల్ ఇచ్చాం, పైగా ప్రతి నెలా ఒకటో తారీఖున స్టేటస్ చూడాలని ఫోన్‌లో రిమైండర్ పెట్టాను. ఎగ్జామినర్ ఒప్పుకుంటే ట్రేడ్ మార్క్స్ జర్నల్‌లో వేస్తారు. నాలుగు నెలల్లోపు ఎవరూ అడ్డుపడకపోతే రిజిస్ట్రేషన్. అది దరఖాస్తు తేదీ నుంచి పదేళ్ళు ఉంటుంది, తర్వాత రెన్యువల్. అన్నట్టు, ఇది మన దేశం వరకే. అమెరికాలో మనవాళ్ళకి పంపి అక్కడ బ్రాండ్‌గా అమ్మాలంటే అక్కడ విడిగా తీసుకోవాలి.

ఇప్పుడు ప్రింటింగ్

దరఖాస్తు నంబర్ రాగానే ఐదు వేలు కొట్టించెయ్యొచ్చా? మేం కొట్టించలేదు. దరఖాస్తు అంటే అడిగినట్టు, ఇచ్చినట్టు కాదు. మూడు వందలు డిజిటల్ ప్రింట్ చేయించాం. ఒక్కోటి ఆరు రూపాయలు, మొత్తం పద్దెనిమిది వందలు. విడిగా చూస్తే రేటు రెట్టింపు కంటే ఎక్కువ. కానీ పేరు మార్చాల్సి వస్తే పోయేది పద్దెనిమిది వందలే, పదమూడు వేలు కాదు. ఎగ్జామినర్ రిపోర్ట్ చూశాక వెయ్యి, జర్నల్ గడువు దాటాక పెద్ద ఆర్డర్, అలా అనుకున్నాం. పౌచ్ మీద నేరుగా ప్రింట్ చేయించేవాళ్ళు ఇంకా ఆగాలి. పెద్ద ఎత్తున చేసే గ్రావ్యూర్ ప్రింటింగ్‌లో ఒక్కో రంగుకి ఒక్కో సిలిండర్ చెక్కిస్తారు. పేరు మారితే సిలిండర్లు కూడా పాత ఇనుమే.

లేబుల్ మీద పేరు పక్కన ™ వేసుకోవచ్చు, దానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ వలయంలో ఆర్ ఉండే ® గుర్తు రిజిస్ట్రేషన్ వచ్చాకే. రాకముందే వేస్తే చట్టప్రకారం తప్పు. డిజైనర్లు అందంగా ఉంటుందని దాన్ని వాళ్ళంతట వాళ్ళే పెట్టేస్తారు, ప్రూఫ్ చూసేటప్పుడు ముందు అదే వెతకండి. మాకు కూడా పెట్టి పంపారు, తీయించాం.

చివరిగా డిజైనర్ సంగతి. డబ్బులిచ్చి లోగో గీయించుకున్నాం కాబట్టి అది మనదే అనుకుంటాం. ఫ్రీలాన్సర్ గీస్తే, రాతపూర్వకంగా రాసివ్వకపోతే కాపీరైట్ ఆయన దగ్గరే ఉండిపోవచ్చు. అందుకని చిన్న కాగితం రాసి సంతకం పెట్టించుకోండి. అందులో "శాశ్వతంగా, ప్రపంచమంతటికీ" అనే మాటలు ఉండాలి. ఎందుకంటే కాలం రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్ళుగా లెక్కేస్తుంది, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే అంటుంది. ఇక డిజైన్ యాప్‌లో రెడీమేడ్ బొమ్మ తీసుకుంటే, అదే బొమ్మ వేరే ఊళ్ళో సబ్బు మీద కూడా ఉండొచ్చు, దాన్ని మాది అనలేం.

మా దరఖాస్తు ఇప్పుడు Formalities Chk Pass దగ్గర ఉంది. అంటే కాగితాలు సరిగ్గా ఉన్నాయన్నారు, అంతే. పేరు ఇంకా పరీక్షకి రాలేదు. వస్తుందో, అభ్యంతరం చెబుతారో చూడాలి. ఏది జరిగినా ఇక్కడ చెప్తాను.

నిన్న పిన్ని ఫోన్ చేసింది. కొత్త సీసా చూసి ఒక కస్టమర్ అడిగిందట, "ఏమండీ, ఆ పిట్ట పచ్చడి ఇంకో కిలో ఉందా?" అని. పిన్ని కాసేపు ఆగి, "ఒరేయ్, పిట్ట పచ్చడి అని ఇంకెవరైనా పెట్టుకున్నారేమో అది కూడా ఓసారి కొట్టి చూడరా" అంది. చూశాను. Contains, PITTA, క్లాస్ 29. మళ్ళీ జాబితా మొత్తం పైకి చదివాను.

ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.